అక్క అలసట, చెల్లె అలసట

అలసట అంటే ఒకటే రకం అని చాలాకాలం అనుకున్నాను. తిని పడుకుంటే పోయేది. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా పనిచేసిన మనిషిని. పొద్దంతా నిలబడ్డ కాళ్లు, బకెట్లు ఎత్తిన నడుము తెల్లారేసరికి మళ్లీ పనికి వచ్చేవి. పడుకున్నా పోని అలసట ఉంటుందని, అందులో కూడా రకాలుంటాయని, అల్మాస్‌గూడలో మా పక్క వాటాలో కిరాయికున్న అక్కచెల్లెళ్లను చూశాకే తెలిసింది.

ఇద్దరిదీ నల్లగొండ దిక్కు పల్లె. అక్క దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. చెల్లె నర్సు, నేను పనిచేసే దవాఖానలోనే, నేను ఊడ్చి తుడిచే వార్డులోనే. కాలిన గాయాల వార్డు అది. నన్ను పెద్దమ్మా అని పిలిచేవాళ్లు. ఆదివారం చర్చి నుంచి వస్తూ నాకూ ఒక పొట్లం మిక్చర్ తెచ్చేవాళ్లు. నాకు అక్షరాలు నేర్పింది అక్కే. నెత్తి తెల్లబడ్డాక పలక పట్టుకున్న మొద్దును నేను. 'క'కూ 'త'కూ తేడా చెప్పీ చెప్పీ నవ్వేది తప్ప ఒక్కనాడు విసుక్కోలేదు.

ఆ అక్కే ఒకరోజు పలక నా చేతిలోంచి గుంజుకుంది.

"ఎన్నిసార్లు చెప్పాలె పెద్దమ్మా? నీకెందుకు గీ చదువు, ఉద్యోగం చేస్తవా, ఊళ్లేలుతవా?"

"ఊళ్లేలెటోళ్లకు చదువెందుకే, నాకు గావాలె గానీ," అన్నాను. ఎప్పుడైనా అయితే పడీ పడీ నవ్వేది. ఆ రోజు నా మొఖం కూడా చూడకుండా లేచి లోపలికి పోయి పడుకుంది.

అవి ఉద్యమం రోజులు. రోడ్డు మీద టెంట్లు, రిలే దీక్షలు, పాటలు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తే మేమూ పోయి తిని వచ్చేవాళ్లం. తెలంగాణ రావాలని మా అందరికీ ఉంది. కాకపోతే బంద్ పిలుపు వచ్చినప్పుడల్లా అక్క బడి మూసేవాళ్లు, ఆ పోయిన పాఠాలన్నీ ఆదివారాలు, పండగ సెలవులు పెట్టి చెప్పించేవాళ్లు. ఒక పంతులమ్మ మానేస్తే ఆమె క్లాసు కూడా అక్క నెత్తినే. పిల్లలను కుక్కి కుక్కి కూర్చోబెట్టిన గది, పక్కన ఇంకో గది, గొంతు పోయేదాకా అరవాలి. అది చాలదన్నట్టు ఫీజు కట్టని తల్లిదండ్రులకు ఫోన్లు కూడా పంతులమ్మలే చేయాలి. రెండేళ్లు అట్లా నడిచింది. ఆదివారం పొద్దుగూకుతుంటే అక్కకు కడుపులో నొప్పి మొదలయ్యేది, సోమవారం బడి ఉంటుంది కదా, దానికి.

"ఏం జెప్పినా ఫాయిదా లేదు పెద్దమ్మా. పిల్లలు ఇంటలేరు, సారు ఇంటలేడు. నా వల్ల గాదిగ," అనేది.

చెల్లె కథ వేరే. మా వార్డుకు ఎప్పుడూ వచ్చేది వంటింట్లో కాలిన ఆడవాళ్లు, వేడినీళ్లు మీద పడ్డ పసిపిల్లలు. ఆ రోజుల్లో వాళ్లతో పాటు, రాష్ట్రం కోసమని ఒంటిని నిప్పుకిచ్చుకున్న చదువుకునే పిల్లలు కూడా వచ్చారు. బయట పాటలు వినబడుతుండేవి. లోపల వాళ్ల తల్లులు గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవాళ్లు.

కాలిన గాయానికి కట్టు మార్చడం మామూలు పని కాదు. నొప్పి సూది ఇచ్చినా, పాత కట్టు తడిపి తడిపి విప్పుతుంటే మనిషి అరుస్తాడు. చెల్లె చెయ్యి మెత్తన. మాట ఇంకా మెత్తన. అందుకని మా వార్డులో ఒక అలవాటు పడింది. బాగా కాలిన మనిషి వస్తే, "ఆ సిస్టర్‌నే పిలువుర్రి" అని రోగులు అడిగేవాళ్లు, నర్సులకు పెద్ద అయిన మేట్రన్ మేడం కూడా ఆ పిల్లకే డ్యూటీ రాసేది. మేడం కోస్తా మనిషి. మంచి మనిషే. "నువ్వు చేస్తే వాళ్లు ఏడవరమ్మా," అనేది. ఎవరి చెయ్యి మెత్తనయితే వాళ్లకే అన్నిటికంటే గట్టి నొప్పి. ఆ పద్ధతి మాలో ఎవరికీ తప్పుగా తోచలేదు. మెచ్చుకోవడమనే అనుకున్నాం.

ఒక డిగ్రీ పిల్లవాడు వచ్చాడు. కట్టు మార్చేటప్పుడు, "అక్కా, మాట్లాడుకుంట చెయ్యి, ఊకుంటే భయమైతది," అనేవాడు. చెల్లె మాట్లాడుతూనే చేసేది. వాడి ఊరు, వాడి హాస్టల్, పరీక్షలు, వాళ్లమ్మ చేసే సర్వపిండి, అన్నీ అడిగేది. తొందరగా పోలేదు వాడు. చాలా రోజులున్నాడు. కొంచెం తేరుకున్నట్టు కూడా కనబడ్డాడు. ఒక పొద్దున పోయాడు. అప్పుడు చెల్లె పక్కనే ఉంది. దుప్పటి కప్పింది, వాళ్లమ్మను పట్టుకుంది. అంతలో పక్క మంచానికి కట్టు మార్చే టైమయింది. ట్రే పట్టుకుని అక్కడికి పోయింది. పోక ఏం చేస్తుంది? వేరే ఎవరున్నారు?

ఆ తర్వాత రెండు వారాల్లోనే పిల్ల మారిపోయింది. అక్క లాగా మెల్లమెల్లగా కాదు, చూస్తుండగానే. ఇంట్లో పోపు పెడితే ఆ కమురు వాసనకు బయటికి పోయి నిలబడేది. వీధిలో ఎవరన్నా పిల్లలు గట్టిగా అరిస్తే ఉలిక్కిపడేది. నిద్ర పట్టేది కాదు. ఆ పిల్లవాడు పడుకున్న మంచం దిక్కుకు పోకుండా వార్డంతా చుట్టు తిరిగి పోయేది.

"నీకు కోపమొస్తుందా బిడ్డా, పని మీద?" అని అడిగాను.

"పని మీద కోపమెందుకు పెద్దమ్మా? పనంటే నాకిష్టమే. కండ్లు మూస్తే వాడే కనవడుతుండు. మొన్న ఒకామె ఏడుస్తుంటే చూసుకుంట నిలవడ్డ, నాకేం అనిపియ్యలే. రాయి లెక్క నిలవడ్డ. గదే భయమైతుంది. నా వల్ల గాదు," అంది.

అక్క నోట ఏ మాట విన్నానో అదే మాట. ఒకే ఇంటి పిల్లలు, ఇద్దరికీ నిద్ర లేదు, తిండి లేదు. ఒకే రోగం అని నేననుకున్నాను, మేట్రన్ మేడమూ అనుకుంది.

ఒకరోజు ఒకామెకు కట్టు సగం విప్పి, చెల్లె ట్రే అక్కడే పెట్టి బయటికి పోయింది. మళ్లీ లోపలికి రాలేదు. వేరే సిస్టర్ ఉరికొచ్చి మిగతాది చేసింది. ఆ రోగి మొగుడు ఆఫీసులో గొడవ పెట్టాడు. నేను మెట్ల కింద వెతికితే, పిల్ల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

"నౌకరి పోతె పోనీ పెద్దమ్మా. ఈ దవాఖాననే గాదు, నర్సు పనే ఇడిచిపెడ్త. ఏదన్న బట్టల షాపుల నిలవడ్త."

"నాలుగేండ్లు చదివింది చీరలు మడత పెట్టనీకా?"

"చీరలు నొప్పికి అరవయి గదా," అంది.

ఈ పిల్ల నర్సుగా ఉంటుందా పోతుందా అన్నదే అప్పటి నుంచీ మా బెంగ. అటువంటి చెయ్యి దొరకదు. అంతకంటే, ఆ పని పోతే ఆ పిల్లకు తనమీద తనకే గురి పోతుందని నాకు భయం.

మేట్రన్ మేడం తిట్టలేదు. "అలిసిపోయావమ్మా, వారం రోజులు ఇంటికెళ్లి రెస్టు తీసుకో. నిద్రపో. అన్నీ సర్దుకుంటాయి," అంది. ఆమె తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. సెలవిచ్చిన మనిషిని ఏమంటాం?

సరిగ్గా అదే వారం బంద్. బస్సులు లేవు, బడులు లేవు. అక్క కూడా ఇంట్లోనే. నేను డ్యూటీకి నడిచి పోయి నడిచి వచ్చేదాన్ని. వచ్చి చూస్తే పక్క వాటాలో వింత. మొదటి రోజు అక్క పొద్దంతా పడుకుంది. మర్నాడు తలంటు పోసుకుంది. ఆ తర్వాత రోజు నా పలక తనే వెతికి తెచ్చి, "ఏంది మొద్దు విద్యార్థీ, ఒత్తులు యాదికున్నయా?" అంది. కడుపునొప్పి లేదు. సందులో పిల్లలు ఆడుకుంటుంటే పోయి తొక్కుడుబిళ్ల ఆడింది. పిల్లలంటే చిరాకన్న మనిషి!

చెల్లె మాత్రం ఎండిపోయింది. పనుంటే పనిలో కొంతన్నా మరిచేదేమో, ఇంట్లో గోడలే. మధ్యాహ్నం పూట కూడా పడుకోవడానికి భయం. ఆ పిల్లవాడి తల్లి ఊరు పేరు గుర్తు తెచ్చుకుని, "పోయి చూసొస్త," అని లేచేది, మళ్లీ కూలబడేది. అక్క వంట చేసి పెట్టినా ముద్ద ఎత్తేది కాదు.

"బంద్ నాకు మందు లెక్క పనిచేసింది, దీనికి ఇషం లెక్క అయింది పెద్దమ్మా," అంది అక్క నా దగ్గరికొచ్చి. "ఒక్కటే సెలవు గదా?"

సెలవయిపోయి పిల్ల డ్యూటీకి పోయింది. మేడం ఇంకా దయ చూపించింది. "నీకిక డ్రెస్సింగులు వద్దులే. బరువు పని ఏదీ చెప్పను. రోగుల వాళ్లతో కాస్త మాట్లాడుతూ ఉండు, ధైర్యం చెప్పు. నీకు మాటలు వచ్చు కదా," అని గోడ వారన కుర్చీ వేయించింది.

చేతులకు పని లేదు నిజమే. కుర్చీలో కూర్చుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరు తల్లులు, మొగుళ్లు, అన్నలు. బతుకుతాడా సిస్టర్, ముఖం బాగవుతుందా సిస్టర్, మా పిల్ల ఎందుకిట్ల చేసుకుంది సిస్టర్. నాలుగు రోజులు కూర్చుంది. ఐదో రోజు పొద్దున మేడం గదిలోకి పోయి, నెలాఖరుకు మానేస్తానని నోటితో చెప్పేసింది. వద్దని మేడం ఎంత చెప్పినా వినలేదు.

దవాఖానకు వారంలో రెండు రోజులు ఒక కౌన్సెలర్ మేడం వచ్చేది, రోగులతో మాట్లాడటానికి. మేట్రన్ మేడం ఆమెను బతిమాలింది, ఒక్కసారి ఈ పిల్లతో మాట్లాడమని. చెల్లె, "ఒక్కదాన్నే రాను," అంది. ఆ రోజు కూడా బడి బంద్, అక్క వచ్చింది. నన్ను కూడా గుంజుకుపోయింది. కౌన్సెలర్ మేడం మమ్మల్ని వరసగా చూసి, "ఇంత బలగమా!" అని నవ్వి కుర్చీలు వేయించింది.

చెల్లెను చాలాసేపు అడిగింది. ఏం కనబడుతుంది, ఎప్పుడు కనబడుతుంది, ఏ వాసనకు ఒళ్లు గగుర్పొడుస్తుంది, ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా. అట్లా సూటిగా అడుగుతారా అని నేను చెల్లె చెయ్యి పట్టుకున్నాను. లేదని పిల్ల తలూపింది. అడిగినందుకు కొంచెం తేలికపడినట్టే కనబడింది.

అక్క ఉండబట్టలేక నడుమ అందుకుంది. "మేడం, నాక్కూడ గిట్లనే ఉండె. నిద్ర లేదు, ఎవల జూసినా చిరాకు. బంద్‌ల ఇంట్ల కూసుంటె నాకు తగ్గింది, దీనికి పెరిగింది. ఎందుకట్ల?"

"నీ కలలోకి బడిపిల్లలు వస్తారా?" అని అడిగింది కౌన్సెలర్ మేడం.

"నా కలలకు రానీకె వాళ్ల పేర్లు గూడ నాకు పూరా తెల్వయి మేడం. అంత మంది."

"మరి బడి తెరిస్తే?"

"గేటు జూస్తనే కడుపుల నొస్తది."

"నీది బర్నవుట్ అంటారమ్మా. పని ఎక్కువై, నీ మాట చెల్లక, చేసిన దానికి విలువ లేక, ఏళ్ల మీద మెల్లగా వచ్చేది. బ్యాంకులో పనిచేసే వాళ్లకైనా వస్తుంది, ఎవరి ఏడుపూ చూడకపోయినా వస్తుంది. పనికి దూరం జరిగితే తగ్గుతుంది. అదే పనిలోకి అట్లనే తిరిగిపోతే మళ్లీ వస్తుంది. చెల్లెది వేరు. ఇంకొకరి నొప్పి లోపలికి పోయి ఉండిపోయింది. కంపాషన్ ఫెటీగ్ అంటాం. జాలిపడీ పడీ మనసు అలిసిపోవడం. అది తొందరగా వస్తుంది, ఒక్కోసారి ఒక్క పేషెంటుతోనే. ఏమీ అనిపించకపోవడం కూడా అందులో భాగమే. రాయి కాలేదు నువ్వు, మనసు తలుపేసుకుంది. సెలవిస్తే దవాఖాన ఇక్కడుంటుంది, చూసిన బొమ్మలు మాత్రం ఇంటికి వెంట వస్తాయి."

"అందరూ స్ట్రెస్ అన్నరు మేడం," అంది చెల్లె.

"పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకే మనిషికి రెండూ కలిసి కూడా వస్తాయి, నర్సులకు మరీ. అందుకే అందరూ ఒక్క పేరు పెట్టేస్తారు. ఇప్పుడు నీకు ఏ డ్యూటీ వేశారు?"

కుర్చీ సంగతి చెప్పింది పిల్ల. కౌన్సెలర్ మేడం, "చేతుల మీది బరువు తీసి గుండె మీద పెట్టారు," అంది.

నాకు ఒక అనుమానం వచ్చింది, అడిగేశాను. "మరి మీరు రోజూ గీ ఏడుపులే ఇంటరు గదా మేడం. మీకేం గాదా?"

"ఎందుకు కాదు పెద్దమ్మా? మా పనిలోనే ఒక పెద్దావిడ ఉంది. నేను విన్నవన్నీ వారానికోసారి ఆమె దగ్గర దించుకుని వస్తా. అట్లా దించుకోకుండా ఈ పని చెయ్యొద్దని మాకు నేర్పుతారు. నర్సులకు ఎవరూ నేర్పరు."

అక్క కూడా మూడుసార్లు ఆమె దగ్గరికి పోయింది. మూడోసారి వచ్చి చెప్పులు విప్పుతూ, "మంచి మేడమే. కానీ నాకు మాట్లాడనీకె మనిషి గాదు, పనిజేయనీకె ఇంకిద్దరు మనుషులు గావాలె," అంది. కౌన్సెలర్ మేడం కూడా అదే అన్నదట. నీకు నేను చేసేది తక్కువమ్మా, నీ పనే మారాలి అని. అక్క, ఇంకొందరు పంతులమ్మలు కలిసి బడి సారును అడిగారు. ఆదివారాలు వద్దు, ఫీజు ఫోన్లు మా పని కాదు అని. సారు చాయ్ తాగించి పంపాడు. ఏదీ మారలేదు. ఆ ఏడు పరీక్షలవగానే అక్క వనస్థలిపురంలో చిన్న బడి చూసుకుంది. జీతం తక్కువే. పిల్లల పేర్లన్నీ తెలిసేంత చిన్న బడి. కొన్ని నెలలకు ఆదివారాలు సినిమాకు పోవడం మొదలుపెట్టింది.

చెల్లె విషయానికి కౌన్సెలర్ మేడం నేరుగా మేట్రన్ మేడం గదికి పోయింది. నేను తలుపు దగ్గర నేల తుడుస్తున్నాను. తుడిచిన చోటే మళ్లీ తుడిచాను.

"నేను మంచికే వేశానండీ ఆ డ్యూటీ," అంది మేట్రన్ మేడం. "నాకు స్టాఫు ఎక్కడున్నారు? ఇద్దరు చేసే చోట ఒకళ్లు. అడిగి అడిగి నోరు పోయింది. నాకిక అడగాలని కూడా లేదు."

"మీది కూడా మాట్లాడుకోవాలి మేడం, అది ఇంకో రకం," అంది కౌన్సెలర్ మేడం మెల్లగా. ఆ రోజు నుంచి మేట్రన్ మేడం మీద నాకు జాలి ఎక్కువైంది. ఆమె కూడా అక్క లాగే అలిసి ఉంది, చూసేవాళ్లు లేరు.

చెల్లెను అప్పుడే పుట్టిన పిల్లల వార్డుకు మార్చారు. మానేసే మాట నెలాఖరు దాకా ఆపమన్నారు, తర్వాత ఇంకో నెల. వారానికోసారి కౌన్సెలర్ మేడం దగ్గర కూర్చునేది. ఆ డిగ్రీ పిల్లవాడి గురించి మొదటి నుంచి చివరి దాకా చెప్పి ఏడ్చిన రోజు, ఇంటికొచ్చి పొద్దు పోకముందే పడుకుని తెల్లారి లేచింది. ఒక్కరోజులో నయం కాలేదు. బాగుంది అనుకునేలోపు మళ్లీ నాలుగు రోజులు ముఖం వాడేది.

మా కాలిన గాయాల వార్డులో కూడా పద్ధతి మారింది. నొప్పి ఎక్కువుండే కట్లు ఒక్కరికే రాయొద్దు, వంతులు వేసుకోవాలి, ఇద్దరు కలిసి చేయాలి. ఎవరన్నా పోతే, దగ్గరున్న సిస్టర్‌ను వెంటనే ఇంకో మంచానికి పంపొద్దు, కాసేపు కూర్చుని చెప్పుకోనివ్వాలి. ఒక సిస్టర్ ఎగతాళి చేసింది, "ఏడ్వనీకె గూడ డ్యూటీ ఏసిన్రు!" అని. మొదట అట్లా కూర్చుని చెప్పుకుని ఏడ్చింది కూడా ఆమే. మనుషులు చాలక ఆ పద్ధతి వారంలో సగం రోజులు నడిచేది, సగం రోజులు నడవకపోయేది. ఆ మాత్రం కూడా ముందు లేదు కదా.

ఎండాకాలం దాటాక చెల్లె తనే అడిగింది, పాత వార్డుకు పోతానని. "పసిపిల్లలు మంచిగనే ఉన్నరు పెద్దమ్మా. గానీ నేను నేర్చుకున్న పని గక్కడున్నది," అంది.

వచ్చిన వారంలోనే ఒక వడ్రంగి భార్యను తెచ్చారు, చేతులు కాలినామె. మొదటి రోజు చెల్లె, ఇంకో సిస్టర్ కలిసి కట్టు మార్చారు. మర్నాడు మధ్యాహ్నం ఆమె పట్టు పట్టింది, నిన్నటి మెత్తన చేతి సిస్టరే కావాలని. మేట్రన్ మేడం పాత అలవాటున చెల్లె దిక్కు తిరిగి, "వెళ్లమ్మా, నువ్వు చేస్తే ఏడవదు," అంది.

నేను బకెట్ పట్టుకుని అక్కడే ఆగిపోయాను.

చెల్లె ఆ ఆడామె దగ్గరికి పోయి, నుదుటి మీద వెంట్రుకలు పక్కకు తీసి, పక్కనున్న సిస్టర్‌ను చూపించింది. "ఇయ్యాల గీ అక్క చేస్తది. ఆమెకు గూడ మంచిగొస్తది. రేపు నేనొస్త," అంది. తర్వాత మేడం దిక్కు తిరిగింది. "ఇయ్యాల నా వంతు గాదు మేడం."

"అవును కదూ," అని మేడం ఆ సిస్టర్‌ను, ఆమెకు తోడు ఇంకొకరిని పిలిచింది. ఆ ఆడామె ఏడ్చింది. కొంచెం ఎక్కువే ఏడ్చింది. చెల్లె అక్కడ నిలబడలేదు. చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా తీసుకుని, "రా పెద్దమ్మా, అన్నం సల్లారుతది," అని వరండాలోకి నడిచింది.